7. నేర్చుకున్న పాఠాలు

అనంతపురం జిల్లాలోని నాలుగు గ్రామాల్లో 60 సేద్యపు కుంటలు తవ్వాలనుకుని 52 పూర్తి చేశాం. మొదటి వానాకాలంలో వాటిలో 35 నిండాయి. మిగతా 17 ఎందుకు నిండలేదన్నదే ఈ విభాగంలో ముఖ్యమైన సంగతి.

ముందుగా మా లెక్క తప్పు. కుంట పైన 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, లోతు 2 మీటర్లు కాబట్టి 200 ఘనపు మీటర్ల నీళ్లు నిలుస్తాయని ప్రతిపాదనలో రాశాం. గట్లు నిలువుగా ఉంటేనే అంత. మట్టి జారకుండా ఏటవాలుగా తవ్వితే అడుగున 6 మీటర్లే మిగిలింది, నీళ్లు సుమారు 130 ఘనపు మీటర్లకు తగ్గాయి. ఎకరానికి 2 సెంటీమీటర్ల తడి ఇవ్వాలంటేనే 80 కావాలి. వేరుశనగకు ఊడలు దిగే దశలో రెండెకరాలకు ఒక తడి ఇవ్వగలమని రైతులకు చెప్పిన మాట అందుకే నిలబడలేదు. ఒక ఎకరానికి సరిపోయింది, అదీ నిండిన కుంటల్లోనే.

నిండని 17లో 11 కుంటలకు చోటే కుదరలేదు. వాలు చూడకుండా, సాగుకు పనికిరాని మూలల్లో తవ్వాం. భూమి పోకూడదన్న రైతుల కోరిక న్యాయమైనదే. కానీ దాన్ని తేలిగ్గా ఒప్పుకోవడం మా తప్పు. జనవరి సమీక్షలో ఒక మహిళా రైతు ఇలా అన్నారు: "నీళ్లు ఆ పక్క పోతాంటే కుంట ఈ పక్క తవ్వినారు." ఆ పొలంలో వాన నీరు ఎటు పారుతుందో ఆమెకు తెలుసు, మేం అడగలేదు. స్థల పరిశీలనకు వెళ్లినప్పుడు ఇంటాయనతో మాట్లాడి వచ్చేశాం. మిగతా 6 కుంటల్లో నీళ్లు వచ్చినా ఎర్రనేలలో ఇంకిపోయాయి.

రెండో విడత నిధులు మార్చికి బదులు మే చివర్లో అందాయి. వినియోగ పత్రాన్ని మేం మూడు వారాలు ఆలస్యంగా పంపాం, అందులో మా వంతు ఉంది. దాన్ని మినహాయించినా ఐదారు వారాలు మిగులుతాయి. ఈలోగా జేసీబీలు వేరే పనులకు వెళ్లిపోయాయి, జూన్‌లో విత్తనం పడ్డాక పొలంలోకి యంత్రం దించలేకపోయాం. ఆగిన 8 కుంటలకు కారణం ఇదే. నిధులిచ్చిన సంస్థకు అంతర్గత ఆమోదాలు తప్పనిసరి అని మాకు తెలుసు. అయితే తవ్వకం పని ఉన్న ప్రాజెక్టుల్లో రెండో విడతను ఫిబ్రవరిలోపు విడుదల చేసే వీలుందేమో పరిశీలించాలని కోరుతున్నాం.

గుత్తేదారు పని నాణ్యత గురించి పెద్దగా ఫిర్యాదు లేదు. పూడిక ఆపే గుంతలు మాత్రం 14 చోట్ల తవ్వలేదు. ఒప్పందంలో ఆ అంశం స్పష్టంగా రాయకపోవడం మా లోపం కనుక, ఆ ఖర్చును మేమే భరించి వచ్చే వేసవిలో పూర్తి చేస్తాం.