ప్రాజెక్ట్ సబ్మిషన్‌కి ఏప్రిల్ 27 దాకా టైం కావాలి మేడం

తిరుపతి
25 మార్చి 2026

మేడం, నమస్తే.

మీ రూముకొచ్చి నేరుగా చెప్పాలనే ఉంది కానీ ఈ మధ్య ఇంటి మాట ఎత్తితే చాలు గొంతు పట్టేసి ఏడుపొచ్చేస్తోంది, చెప్పాల్సింది సగంలోనే ఆగిపోతుంది, అందుకే రాసి పంపిస్తున్నా. కొంచెం పెద్దదిగా ఉంటుంది మేడం, వీలు చూసుకుని చదవండి.

మాది బంగారుపాళ్యం పక్కన పల్లె అని మీకు తెలుసు కదా, మాకు ఉండేదంతా మామిడి తోటే, అదీ తోతాపురి. పోయిన సీజన్‌లో, అంటే 2025లో, రేటు ఎట్లా పడిపోయిందో మీరూ పేపర్లో చూసే ఉంటారు. కేజీకి ఫ్యాక్టరీ వాళ్ళు 8 రూపాయలు ఇవ్వాలి, గవర్నమెంటు 4 వేస్తుంది, మొత్తం 12 అన్నారు. ఆ 12 వినడానికి బాగుంది కానీ మా నాయన ట్రాక్టర్ పల్ప్ ఫ్యాక్టరీ గేటు బయట లైన్లో రోజుల తరబడి నిలబడిపోయింది, కాయలు ఎండకి మెత్తబడి కింద నుంచి రసం కారతా ఉంటే నాయన టార్పాలిన్ ఎత్తి ఎత్తి చూసుకున్నాడంట, అందులో చాలా వరకు తీసుకోలేదు వాళ్ళు. కోత కూలి, ట్రాక్టర్ బాడుగ మాత్రం ఇచ్చుకోవాల్సిందే కదా. అమ్మ నగలు అప్పటికే బ్యాంకులో ఉన్నాయి, దానిపైన బయట వడ్డీకి తెచ్చింది వేరే.

అప్పు సంగతి మాకు కొత్త కాదు మేడం, నేను చిన్నప్పట్నించీ చూస్తానే ఉన్నా. నాయన మాట్లాడ్డం మానేసినాడు చూడండి, అదే నాకు భయం పట్టుకునింది. ఫోన్ చేస్తే ఎప్పుడూ ఫస్ట్ ‘తిన్యావా పాపా’ అనే మనిషి ఇప్పుడు ఊ అని అమ్మకిచ్చేస్తాడు. ఫిబ్రవరిలో ఒకరోజు రాత్రి వడ్డీ ఆయన ఇంటికొచ్చి నాలుగు మాటలని పోయినాక నాయన తోటలోకి పోయినాడు, ఎంతసేపటికీ రాలేదు, ఫోన్ మోగుతుంది గానీ ఎత్తడం లేదు, అమ్మ ఏడుస్తా నాకు ఫోన్ చేసింది, నేనిక్కడ హాస్టల్ వరండాలో నిలబడి ఒకసారి నాయనకి ఒకసారి మామకి కొడతానే ఉన్నా, ఆ టైంలో తిరుపతి నుంచి బస్సు పట్టుకుని చిత్తూరు పోయి అక్కడ్నించి ఇంకో బస్సెక్కి ఊరికి చేరేసరికి తెల్లారిపోతుంది, ఏమీ చేయలేని పరిస్థితి. చివరికి మామ వెతికితే మోటార్ షెడ్డు దగ్గర చీకట్లో కూర్చోనున్నాడంట. ఏమీ కాలేదు మేడం, బాగానే ఉన్నాడు. కానీ ఆ రాత్రి నుంచి నేను బాగలేను.

ఫోన్ మోగితే గుండె దడ. సైలెంట్‌లో పెడితే ఇంకా దడ, ఎక్కడ మిస్ అయిపోతానో అని. రాత్రి నిద్ర పట్టదు, తెల్లారుజామున కాస్త కళ్ళు మూతపడతాయి, లేచి ల్యాబ్‌కొస్తే చేతులు వణుకుతాయి. హార్డ్‌నెస్ టైట్రేషన్‌లో వైన్ రెడ్ నుంచి బ్లూకి తిరిగేటప్పుడు ఈడీటీఏ చుక్క చుక్కగా పోవాలి కదా, నేను బ్యూరెట్ నాబ్ పట్టుకుంటే చెయ్యి అదిరి ఒక్కసారిగా దిగిపోతోంది, చూసేసరికి నీలం ఎప్పుడో వచ్చేసి ఉంటుంది. ఒకే శాంపుల్‌కి రెండు రీడింగులు కలవట్లేదు. ఇంతకు ముందు నా రీడింగ్స్ ఎంత దగ్గరగా వచ్చేవో మీరే చూసి బాగుందన్నారు, అందుకే ఇది ఇంకా బాధగా ఉంది.

హాస్టల్లో మా సీనియర్ అక్క ఒకామె బలవంతం చేసి టెలి మానస్ 14416కి ఫోన్ చేయించింది, వాళ్ళు తెలుగులోనే చాలా ఓపిగ్గా మాట్లాడినారు, డాక్టర్ని కలవమన్నారు. రుయాలో సైకియాట్రీ ఓపీకి పోయి చూపించుకున్నా. యాంగ్జైటీ అని చెప్పి మాత్రలు రాసిచ్చినారు, పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో ఆపొద్దు, నిద్ర ముఖ్యం అన్నారు. ఓపీ చీటీ ఫోటో ఈ మెయిల్‌కి జత చేస్తున్నా. నాయన దగ్గర ఇప్పుడు మామ ఉంటున్నాడు, ఉగాదికి పోయినప్పుడు చిత్తూరులో ఆయన్నీ డాక్టర్‌కి చూపించినాం, ముందు రానన్నాడు గానీ నేను ఏడ్చేసరికి వచ్చినాడు. శనివారం శనివారం నేను పోయి వస్తున్నా, నేను కనపడితే ఆయన కొంచెం అన్నం తింటాడు.

ఇంక ప్రాజెక్ట్ సంగతి. స్వర్ణముఖి పక్కన చంద్రగిరి నుంచి శ్రీకాళహస్తి దాకా మనం అనుకున్న 24 బోర్లలో పీహెచ్, టీడీఎస్ అన్నిటికీ అయిపోయినాయి. హార్డ్‌నెస్, ఫ్లోరైడ్ 15 బోర్లకి పూర్తిగా ఉన్నాయి, మిగతా 9కి చేయాలి. హార్డ్‌నెస్ శాంపుల్స్ యాసిడ్ వేసి పెట్టినవి కాబట్టి పనికొస్తాయి. నైట్రేట్‌తోనే ఇబ్బంది మేడం, ఫ్రిజ్‌లో పెట్టినా రెండు రోజుల్లోపే చేసేయాలి, ఆ బాటిల్స్‌కి టైం దాటిపోయింది, అంటే ఆ 9 బోర్ల దగ్గరకి మళ్ళీ పోయి నీళ్ళు పట్టుకుని రావాల్సిందే. ఫ్లోరైడ్‌కీ అప్పుడే ఫ్రెష్‌గా పట్టుకొస్తా. ఇంట్రడక్షన్, మెథడ్స్ చాప్టర్లు రాసేసినా, శుక్రవారం మీకు పంపిస్తా.

సబ్మిషన్ ఏప్రిల్ 6 కదా, దాన్ని 27 దాకా పొడిగిస్తారా మేడం? మూడు వారాలు. మొదటి వారంలో శాంపుల్స్ తెచ్చి నైట్రేట్ వెంటనే చేసేస్తా, రెండో వారం ఫ్లోరైడ్, హార్డ్‌నెస్, చివరి వారం రిజల్ట్స్ రాయడం. పక్క బోర్ల నంబర్లు చూసి అటూ ఇటూగా వేసేయమని ఒకరిద్దరు చెప్పినారు, ఎవరికి తెలుస్తుంది అని. నాకు మనసు ఒప్పలేదు. తిరుచానూరు దగ్గర ఒక బోర్ నీళ్ళు ఒక అవ్వ రోజూ తాగుతుంది, నేను బాటిల్ పట్టుకునేటప్పుడు ‘మా నీళ్ళు మంచివేనా పాపా, చూసి చెప్పు’ అని అడిగింది. ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిందా లేదా అనేది ఆమెకి నిజంగా చెప్పాలి కదా మేడం, అందాజుగా ఎట్లా చెప్తాం.

అంతా పొడిగించడం రూల్స్ ప్రకారం కుదరకపోతే, 15 బోర్లతోనే 6న ఇచ్చేసి మిగతావి వైవాకి ముందు కలపొచ్చేమో చెప్పండి, అదైనా చేస్తా. డిపార్ట్‌మెంట్‌కి వేరే లెటర్ రాయాలంటే ఎవరి పేరు మీద రాయాలో చెప్పండి. మార్కుల్లో ఏమీ చూడమని అడగట్లేదు, టైం ఒక్కటే. ఇంకొకటి, హార్డ్‌నెస్ చేసే రోజుల్లో ల్యాబ్‌లో పక్కన ఎవరైనా ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది, మన స్కాలర్ అక్కని ఒకసారి అడగమంటారా?

మా నాయన విషయం మాత్రం మీ దగ్గరే ఉంచండి మేడం. ఆఫీసులో చెప్పాల్సొస్తే హెల్త్ ప్రాబ్లమ్ అని చెప్పండి చాలు, అది నిజమే కదా. మా ఊరి పిల్లలు ఇంకా ఇద్దరు ఇక్కడే చదువుతున్నారు, మాట ఊరికి చేరితే ఆయన తట్టుకోలేడు.

సోమవారం లంచ్ తర్వాత మీ రూముకొస్తా, అబ్జర్వేషన్ బుక్ కూడా తెస్తా. అంతలోపు మెయిల్‌లో ఒక్క లైను పెట్టినా చాలు మేడం.

ఇట్లు
మీ స్టూడెంట్
హరిత
ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఫైనల్ ఇయర్