నరసరావుపేటలో కొత్త ఆసుపత్రి: ఆరోగ్య పరీక్షల ప్యాకేజీలు, ధరలు

ఊరివారికి, చుట్టుపక్కల గ్రామాలవారికి నమస్కారం. పల్నాడు రోడ్డులో మా ఆసుపత్రి ప్రారంభమైంది. జనరల్ మెడిసిన్, స్త్రీల వైద్యం, ల్యాబ్ విభాగాలు పనిచేస్తున్నాయి. ఇక్కడ చేసే ఆరోగ్య పరీక్షలు ఏమిటో, వాటికి ఎంత అవుతుందో తెలపడానికే ఈ కరపత్రం.

చక్కెర వ్యాధి, రక్తపోటు చాలామందిలో ఏళ్ల తరబడి ఏ బాధా పెట్టకుండా ఉంటాయి. అందుకే 30 ఏళ్లు దాటినవారు ఒంట్లో బాగానే ఉన్నా వీటిని చూపించుకోవాలి. ఈ రెండు పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా చేస్తారు. అక్కడ ఇటీవలే చేయించుకున్నవారు ఆ కాగితాలు తీసుకురండి. చేసిన పరీక్షనే మళ్లీ చేసి డబ్బు తీసుకోము.

సాధారణ ప్యాకేజీ: రూ.1,100
ఎత్తు, బరువు, నడుము కొలత, రక్తపోటు, పూర్తి రక్త పరీక్ష, పరగడుపు చక్కెర, మూడు నెలల సగటు చక్కెర తెలిపే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేస్తాం. రిపోర్టులు వచ్చాక డాక్టరు మాట్లాడే రుసుము ఇందులోనే ఉంది. పొగాకు, గుట్కా, ఖైనీ అలవాటు ఉన్నవారికి డాక్టరు నోటి లోపల కూడా చూస్తారు. దానికి అదనంగా ఏమీ చెల్లించనక్కరలేదు.

స్త్రీల ప్యాకేజీ: రూ.1,600
పై పరీక్షలతో పాటు మహిళా డాక్టరు రొమ్ము పరీక్ష చేస్తారు. 30 నుంచి 65 ఏళ్ల మధ్యవారికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కోసం పాప్ స్మియర్ ఉంటుంది. గత మూడేళ్లలో ఈ పరీక్ష చేయించుకుని, ఫలితం సరిగా వచ్చినవారికి ఇప్పుడు అవసరం లేదు. వారికి రూ.400 తగ్గుతుంది. నెలసరి రోజుల్లో కాకుండా, అది పూర్తయ్యాక రండి.

ఇప్పటికే షుగర్ ఉన్నవారికి: రూ.1,300
హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్, కంటి లోపలి నరాల పరీక్ష, పాదాల పరీక్ష ఉంటాయి. పాదాలకు స్పర్శ తగ్గితే చెప్పు కరిచిన పుండు కూడా తెలియదు. కాబట్టి చెప్పులు విప్పించి, వేళ్ల సందులతో సహా చూస్తాం.

క్యాన్సర్ ఉందేమో చూసే రక్త పరీక్షలు, ఒళ్లంతా స్కానింగ్ వీటిలో లేవు. ఏ లక్షణమూ లేనివారికి ఇవి మేలు కంటే అనవసర భయం, ఖర్చు తెచ్చే అవకాశమే ఎక్కువ. థైరాయిడ్, ఈసీజీ, అల్ట్రాసౌండ్ డాక్టరు చూసి అవసరమంటేనే చేస్తాం. ఎందుకో మీకు చెప్పి, మీరు సరేనన్నాకే చేస్తాం. గర్భంలో ఉన్న బిడ్డ ఆడో మగో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. దయచేసి అడగవద్దు.

వచ్చే ముందు రాత్రి భోజనం తర్వాత 8 నుంచి 10 గంటలు ఏమీ తినకండి. మంచినీళ్లు తాగవచ్చు, కాఫీ, టీ వద్దు. బీపీ మాత్ర ఎప్పటిలాగే నీళ్లతో వేసుకోండి. షుగర్ మాత్రలు రక్తం ఇచ్చి, టిఫిన్ చేసేటప్పుడు వేసుకోవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవారు ముందు రోజే డాక్టరును అడగండి. దారిలో చెమటలు పట్టినా, చేతులు వణికినా వెంటనే చక్కెర తినండి. పరీక్ష మరో రోజు చేసుకోవచ్చు.

బస్సు దిగి ఎండలో నడిచి వచ్చిన వెంటనే బీపీ చూస్తే ఎక్కువగా కనబడవచ్చు. మా దగ్గర కుర్చీలో వెన్ను ఆనించి, పాదాలు నేలకు ఆనించి అయిదు నిమిషాలు కూర్చోబెట్టాకే చూస్తాం, అదీ రెండుసార్లు. ఒక్కరోజు 140/90 దాటిందని జబ్బు ఖాయం చేయము, మరో రోజు రమ్మంటాం. పరగడుపు చక్కెర 126 వచ్చినా అంతే, నిర్ధారించుకున్నాకే మందు.

ఫలితాలన్నీ సరిగా ఉన్నాయంటే ఏ జబ్బూ లేదని హామీ ఇచ్చినట్టు కాదు. ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, చేయి కాలు పడిపోవడం వంటివి ఉంటే ప్యాకేజీ కోసం ఆగవద్దు, 108కి ఫోన్ చేయండి.

డాక్టర్ల ఫొటోలు, నయమైనవారి మాటలు ఇందులో వేయలేదు. ప్రచారంతో రోగులను రప్పించుకోవడాన్ని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ఒప్పుకోదు. ఆసుపత్రి తెరిచిన సంగతి, రుసుములు తెలపడానికి మాత్రం అనుమతిస్తుంది. రోగులను పంపినవారికి కమీషన్ ఇవ్వము. మా వద్ద పరీక్ష చేయించుకున్నా మందులు మీకు నచ్చిన చోట కొనుక్కోవచ్చు, వైద్యం మీకు నచ్చిన చోట చేయించుకోవచ్చు.

రిపోర్టు మీ చేతికే ఇస్తాం. మీ అనుమతి లేకుండా యజమానికి గానీ, బంధువులకు గానీ చూపము. ఆదాయపు పన్ను పాత విధానంలో కట్టేవారు ముందస్తు ఆరోగ్య పరీక్షల ఖర్చును ఏడాదికి రూ.5,000 వరకు మినహాయింపుగా చూపవచ్చు. రసీదు దాచుకోండి.

రక్త నమూనాలు సోమవారం నుంచి శనివారం వరకు ఉదయం 6.30 నుంచి 10 గంటల వరకు తీసుకుంటాం. డాక్టరు అదే రోజు సాయంత్రం 5 గంటల నుంచి రిపోర్టులు చూస్తారు. పాప్ స్మియర్ ఫలితానికి మాత్రం వారం పడుతుంది. దూరం నుంచి వచ్చినవారు సాయంత్రం వరకు కూర్చోవడానికి మొదటి అంతస్తులో గది ఉంది. ఈ ధరలు మార్చి 31 వరకు మారవు. ఇవే ధరలు రిసెప్షన్ బోర్డు మీద తెలుగులో రాసి ఉంటాయి.