సైన్స్ ప్రయోగశాల సామగ్రి జాబితా, వార్షిక తనిఖీ పత్రం: 2024–25

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. తనిఖీ జరిగిన రోజు 28-03-2025, శుక్రవారం, ఒంటిపూట బడి విడిచాక.

ఈ పత్రంలో "పనిచేసేవి" అన్న గడిలో ఉన్న ప్రతి అంకె చేత్తో పరీక్షించి వేసిందే. కటకాలతో కిటికీ బయటి వేపచెట్టు ప్రతిబింబాన్ని గోడ మీదికి తెచ్చి చూశాం. అమ్మీటర్లను ఘటం, బల్బుతో వలయంలో కలిపి ముల్లు కదిలిందో లేదో చూశాం. బీరువాలో ఉన్నంత మాత్రాన పనిచేస్తున్నట్టు రాయలేదు.

| వస్తువు | రిజిస్టరులో | ఉన్నవి | పనిచేసేవి | ఉన్న చోటు |
|---|---|---|---|---|
| పరీక్షనాళికలు | 120 | 93 | 88 | బీరువా 1, కింది అర |
| బీకర్లు, 250 మి.లీ. | 18 | 15 | 14 | బీరువా 1, నడిమి అర |
| కొలజాడీలు, 100 మి.లీ. | 6 | 6 | 6 | బీరువా 1, నడిమి అర |
| సారాయి దీపాలు | 10 | 10 | 7 | కిటికీ పక్క గట్టు |
| థర్మామీటర్లు, పాదరసం | 10 | 7 | 7 | బీరువా 2, తాళం అర |
| థర్మామీటర్లు, ఆల్కహాల్ | 6 | 6 | 6 | బీరువా 2, పై అర |
| వెర్నియర్ కాలిపర్స్ | 6 | 6 | 4 | బీరువా 2, పై అర |
| స్క్రూగేజిలు | 6 | 6 | 5 | బీరువా 2, పై అర |
| కుంభాకార కటకాలు, నాభ్యంతరం 10 సెం.మీ. | 12 | 11 | 11 | బీరువా 2, చెక్కపెట్టె |
| అమ్మీటర్లు, 0–3 ఆంపియర్లు | 8 | 8 | 5 | బీరువా 2, నడిమి అర |
| వోల్టుమీటర్లు, 0–5 వోల్టులు | 8 | 8 | 6 | బీరువా 2, నడిమి అర |
| దండాయస్కాంతాలు | 10 | 10 | 4 | బీరువా 2, కింది అర |
| సంయుక్త సూక్ష్మదర్శినులు | 3 | 3 | 1 | బీరువా 3 |
| శాశ్వత స్లైడ్లు | 40 | 37 | 31 | బీరువా 3, స్లైడ్ల పెట్టె |
| మానవ అస్థిపంజరం నమూనా | 1 | 1 | 1 | తలుపు వెనుక మూల |

పరీక్షనాళికలు. తేడా 27. పగిలినవాటి పుస్తకంలో 24 రాసి ఉన్నాయి. మిగిలిన 3 ఎప్పుడు పోయాయో తెలియలేదు, వాటి బాధ్యత ప్రయోగశాల ఇన్‌చార్జిగా నాది. అంచు చిట్లిన 5 పిల్లల చేతికి ఇవ్వకుండా పక్కన పెట్టాం. పగిలిన గాజుకు మూత ఉన్న డబ్బా వేరుగా పెట్టాను.

దండాయస్కాంతాలు. ఆరింటికి ఒక్క గుండుసూదిని లేపే బలం కూడా లేదు. రక్షకాలు లేకుండా, సజాతి ధ్రువాలు పక్కపక్కనే ఉండేలా ఏళ్ల తరబడి పెట్టెలో కుక్కేశాం. మిగిలిన నాలుగింటిని జతలుగా, విజాతి ధ్రువాలు ఒకవైపు వచ్చేలా పేర్చి, మధ్యలో చెక్క, రెండు చివర్లా మెత్తని ఇనుప పలకలు పెట్టాం.

సూక్ష్మదర్శినులు. నా మనసుకు ఎక్కువ కష్టం కలిగించింది ఇదే. రెండింటి కటకాల మీద బూజు పట్టింది. బీరువా 3 వెనక గోడకు వానాకాలంలో చెమ్మ వస్తుంది. నిరుటి తనిఖీలోనే మరమ్మతు చేయించాలని రాశాం, జరగలేదు. ఇప్పుడు తొమ్మిదో తరగతిలో 46 మంది ఉల్లిపొర కణాలను ఒక్క సూక్ష్మదర్శినిలోనే చూడాలి. వెనక వరసలో నిలబడ్డవాళ్ల వంతు వచ్చేసరికి గంట కొట్టేస్తున్నారు. బీరువాను గోడ నుంచి జానెడు ఇవతలికి జరిపాం, లోపల సిలికా జెల్ సంచులు పెట్టాం.

పాదరసం థర్మామీటర్లు. మూడు పగిలినట్టు పుస్తకంలో ఉంది. మిగిలిన ఏడూ బాగానే ఉన్నా పిల్లలకు ఇక ఇవ్వం. పాదరసం ఆవిరి కంటికి కనపడదు, పీలిస్తే హాని. ప్రయోగాలకు ఆల్కహాల్‌వి వాడతాం.

రసాయనాలు (అన్నీ బీరువా 4లో, తాళం నా దగ్గర, మారు తాళం ప్రధానోపాధ్యాయురాలి దగ్గర)

గాఢ సల్ఫ్యూరికామ్లం, H₂SO₄: 500 మి.లీ. సీసాలు 2, ఒకటి సీలు తీయనిది, రెండోదాంట్లో సుమారు సగం. ఇవి పై అరలో ఉండేవి. తనిఖీ రోజే కింది అరలో ఇసుక పోసిన ట్రేలోకి దించాం.

సోడియం హైడ్రాక్సైడ్, NaOH: 1 సీసా. చెమ్మ పీల్చి గడ్డకట్టింది, గాజు బిరడా సీసాకు అతుక్కుపోయింది. పనికిరానిదిగా రాస్తున్నాం. కొత్తది ప్లాస్టిక్ సీసాలోనే కొనాలి.

సోడియం లోహం: 1 సీసా. కిరోసిన్ ఆవిరై ముక్కలు సగం బయటపడ్డాయి. వెంటనే మునిగేదాకా కిరోసిన్ పోశాం. ఇకపై ప్రతి నెల మొదటి సోమవారం చూసి సంతకం పెడతాను.

మెగ్నీషియం తీగ, లిట్మస్ కాగితాలు, ఫినాఫ్తలీన్: వచ్చే సంవత్సరానికి సరిపడా ఉన్నాయి.

భద్రత. ఇసుక బకెట్లు 2 నిండుగా ఉన్నాయి. అగ్నిమాపక సిలిండరు గడువు దాటింది, నింపించాలి. ప్రథమ చికిత్స పెట్టెలో దూది, గాజుగుడ్డ కొత్తవి పెట్టాం.

తనిఖీ బృందం ధ్రువీకరణ

పైన రాసిన సామగ్రిని స్టాక్ రిజిస్టరుతో పోల్చి స్వయంగా లెక్కపెట్టాం. పగిలినవాటి పుస్తకంలో ఉన్న 24 పరీక్షనాళికలు, 3 బీకర్లు, 3 థర్మామీటర్లు, 1 కటకం, 3 స్లైడ్లను రిజిస్టరు నుంచి తీసివేయడానికి సిఫారసు చేస్తున్నాం. లెక్క తేలని 3 పరీక్షనాళికల ఖరీదు ఇన్‌చార్జి చెల్లించడానికి ఒప్పుకున్నారు. సూక్ష్మదర్శినుల మరమ్మతు, సిలిండరు నింపడం 12-06-2025న బడి తెరిచేలోగా పూర్తి కావాలి.

(సం.) స్కూల్ అసిస్టెంట్, భౌతికశాస్త్రం, ప్రయోగశాల ఇన్‌చార్జి, 28-03-2025

(సం.) స్కూల్ అసిస్టెంట్, జీవశాస్త్రం, 28-03-2025

(సం.) పాఠశాల యాజమాన్య కమిటీ చైర్మన్, 28-03-2025

సిఫారసులు ఆమోదించాను. మరమ్మతు ఖర్చు పాఠశాల నిధి నుంచి ఇస్తాం. 15-06-2025న బీరువా 3 మళ్లీ నేనే చూస్తాను.

(సం.) ప్రధానోపాధ్యాయురాలు, 29-03-2025