ఘాతీయ విభాజనంలో λ అంచనా: పూర్తి సాధనతో ఒక లెక్క

లెక్క: ఒకే రకానికి చెందిన 6 ఎలక్ట్రానిక్ భాగాలను ఒకేసారి పరీక్షకు పెట్టారు. వాటిలో 5 భాగాలు వరుసగా 200, 700, 100, 400, 600 గంటలకు పాడయ్యాయి. 1000 గంటల దగ్గర పరీక్ష ఆపేసే సమయానికి ఆరో భాగం ఇంకా పనిచేస్తూనే ఉంది. జీవితకాలం ఘాతీయ విభాజనాన్ని అనుసరిస్తుందని తీసుకుని, λ గరిష్ఠ లైక్లీహుడ్ అంచనా కట్టండి.

సాధన: అంకెలు చిన్నవిగా ఉండటానికి 100 గంటలను ఒక యూనిట్‌గా తీసుకుందాం. అప్పుడు పరిశీలనలు 2, 7, 1, 4, 6. ఆరో భాగాన్ని కాసేపు పక్కన పెడదాం. దాని సంగతి వేరు, తర్వాత చూద్దాం.

ఘాతీయ విభాజనపు సాంద్రతా ప్రమేయం ఇది:

```
f(x; λ) = λ e^(−λx),   x ≥ 0,  λ > 0
```

పరిశీలనలు పరస్పరం స్వతంత్రాలు కాబట్టి ఉమ్మడి సాంద్రత అంటే విడి సాంద్రతల లబ్ధమే:

```
L(λ) = Π λ e^(−λ xᵢ) = λⁿ e^(−λ Σxᵢ)
```

దీన్ని చదివే తీరు మీద ఒక మాట. సాంద్రతగా చూసినప్పుడు λ స్థిరం, x మారుతుంది. లైక్లీహుడ్‌గా చూసినప్పుడు x విలువలు చేతికి వచ్చేశాయి, ఇక అవి మారవు. మారేది λ ఒక్కటే. సూత్రం అదే, ప్రశ్న తిరగబడింది: ఏ λ అయితే మనకు కనిపించిన ఈ దత్తాంశం రావడానికి ఎక్కువ ఆస్కారం ఉండేది? L(λ)ను ‘λ ఇంత కావడానికి ఉన్న సంభావ్యత’ అని మాత్రం రాయకండి. λ మీద దాన్ని సమాకలనం చేస్తే 1 రావాలన్న నియమమేమీ లేదు. ఈ తేడాను పట్టుబట్టి నిలబెట్టినవాడు ఆర్.ఎ. ఫిషర్, 1922 నాటి వ్యాసంలో ఆయన ఈ పద్ధతిని దాని పేరుతో సహా స్థిరపరిచాడు.

లబ్ధాన్ని నేరుగా అవకలనం చేయవచ్చు, కానీ అనవసరపు శ్రమ. సంవర్గమానం తీసుకుంటే లబ్ధం మొత్తంగా మారుతుంది. సంవర్గమానం ఎప్పుడూ పెరిగే ప్రమేయం కాబట్టి L ఎక్కడ గరిష్ఠమో log L కూడా సరిగ్గా అక్కడే గరిష్ఠం. కంప్యూటర్‌కైతే ఇది సౌకర్యం కాదు, తప్పనిసరి. మన 5 పరిశీలనలకే L గరిష్ఠ విలువ దాదాపు 0.0000066. ఇదే సగటుతో 500 పరిశీలనలుంటే అది సుమారు 10⁻⁵¹⁸ అవుతుంది. సాధారణ దశాంశ నిల్వలో అంత చిన్న సంఖ్య పట్టదు, నేరుగా సున్నా అయిపోతుంది. log L మాత్రం −1193 దగ్గర నిక్షేపంగా ఉంటుంది.

```
ℓ(λ) = n log λ − λ Σxᵢ
ℓ'(λ) = n/λ − Σxᵢ
```

అవకలజాన్ని సున్నాకు సమానం చేస్తే

```
n/λ = Σxᵢ   ⇒   λ̂ = n / Σxᵢ = 1 / x̄
```

ఇక్కడ n = 5, Σxᵢ = 20. కాబట్టి λ̂ = 5/20 = 0.25.

చాలామంది జవాబు ఇక్కడే ఆపేస్తారు. కానీ అవకలజం సున్నా అయినంత మాత్రాన అది గరిష్ఠమని తేలదు, కనిష్ఠమూ కావచ్చు. రెండో అవకలజం ℓ''(λ) = −n/λ². λ ఎంతైనా ఇది రుణాత్మకమే. అంటే వక్రం అంతటా పైకి ఉబ్బి ఉంది. ఒకే శిఖరం, అదే గరిష్ఠం. నమ్మకం కుదరకపోతే మూడు విలువలు వేసి చూడండి:

```
ℓ(0.20) = −12.05
ℓ(0.25) = −11.93
ℓ(0.30) = −12.02
```

శిఖరం ఉందన్నది నిజమే, కానీ ఎంత చదునుగా ఉందో గమనించారా? ఆ చదును కూడా సమాచారమే. ℓ''(0.25) = −5/0.0625 = −80. దీని గుర్తు మార్చి, వర్గమూలం తీసి, తలకిందులు చేస్తే ప్రామాణిక దోషానికి ఉజ్జాయింపు విలువ వస్తుంది: 1/√80 ≈ 0.11. అంచనా 0.25, దోషం 0.11. ఐదే పరిశీలనలతో ఇంతకంటే ఖచ్చితత్వం ఆశించలేం. పైగా ఈ λ̂ సగటున నిజమైన λ కంటే n/(n−1) రెట్లు ఉంటుంది; n = 5 అయితే నాలుగో వంతు ఎక్కువ. x̄ మాత్రం సగటు జీవితకాలానికి ఏ వంపూ లేని అంచనా. తలకిందులు చేయడంతోనే ఆ గుణం పోయింది.

ఇప్పుడు ఆరో భాగం. λ̂ = 0.25 అంటే సగటు జీవితకాలం 4 యూనిట్లు, అంటే 400 గంటలు. ఈ లెక్కలో ఆరో భాగం అసలు లేనే లేదు. అన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచినదాన్ని వదిలేసి సగటు కడితే జీవితకాలం తక్కువగా కనిపించక మానదు. పోనీ అది 1000 గంటలకు పాడైనట్లే రాసుకుంటే? 6/30 = 0.2, సగటు 500 గంటలు. అదీ సరికాదు, జరగని సంగతిని జరిగినట్లు రాసినట్లే.

మనకు దాని గురించి తెలిసింది ఒక్కటే: 10 యూనిట్లు దాటి నిలిచింది. ఆ సంభావ్యత e^(−10λ). లైక్లీహుడ్‌లో ఆ భాగానికి సాంద్రత బదులు దీన్నే గుణించాలి:

```
L(λ) = λ⁵ e^(−20λ) · e^(−10λ) = λ⁵ e^(−30λ)
ℓ(λ) = 5 log λ − 30λ
ℓ'(λ) = 5/λ − 30 = 0
λ̂ = 5/30 ≈ 0.167
```

సగటు జీవితకాలం 6 యూనిట్లు, అంటే 600 గంటలు. లెక్కకు జవాబు ఇదే. ఆరో భాగం హారానికి తన 10 యూనిట్లు ఇచ్చింది, లవానికి ఏమీ ఇవ్వలేదు. λ̂ అంటే పాడైన భాగాల సంఖ్యను, అన్ని భాగాలూ కలిసి పనిచేసిన మొత్తం కాలంతో భాగించడమే. ఘాతీయ విభాజనంలో భాగానికి వయసు భారం లేదు గనుకే ఇంత తేలిగ్గా తేలింది. వాడకంతో అరిగిపోయే భాగాలకు ఈ విభాజనం వాడటం సబబు కాదు.

ద్విపద విభాజనానికీ దారి ఇదే, కాబట్టి క్లుప్తంగా రాస్తాను. n ప్రయత్నాల్లో k సఫలాలు వస్తే

```
ℓ(p) = స్థిరరాశి + k log p + (n−k) log(1−p)
ℓ'(p) = k/p − (n−k)/(1−p) = 0
k(1−p) = (n−k)p   ⇒   p̂ = k/n
```

nCk అనే గుణకంలో p లేదు కనుక అవకలనంలో అది మాయమవుతుంది; మొదటి వరుస నుంచే దాన్ని మోసుకు రానక్కర్లేదు. 12లో 9 సఫలాలైతే p̂ = 0.75.

ఒక్క చోట జాగ్రత్త. k = 0 అయితే ℓ'(p) = −n/(1−p). ఇది ఎక్కడా సున్నా కాదు, ఎప్పుడూ రుణాత్మకమే. సమీకరణానికి సాధన లేదు కనుక అంచనా లేదని రాస్తే మార్కు పోతుంది. ℓ మొదటి నుంచీ తగ్గుతూనే ఉంది కాబట్టి గరిష్ఠం ఎడమ అంచున, p̂ = 0 వద్ద ఉంటుంది. k = n అయితే కుడి అంచున, p̂ = 1 వద్ద. సూత్రం k/n రెండు చోట్లా సరైన జవాబే ఇస్తుంది, కానీ అక్కడ దాన్ని రాబట్టింది అవకలజపు సున్నా కాదు, దాని గుర్తు.