నాన్నగారి షష్టిపూర్తి: 29 నవంబరు 2026 నుంచి వెనక్కి లెక్కపెట్టిన పన్నెండు వారాల పనులు

రాజమండ్రి, కార్తీక బహుళ పక్షం, ఆదివారం. మాంగల్యధారణ ఉదయం 10.40కి. శనివారం సాయంత్రం దగ్గరివాళ్ళు 80 మంది, ఆదివారం భోజనానికి 450 మంది.

ఇది అన్నయ్య, వదిన, అక్క, బావ, డల్లాస్‌లో ఉన్న తమ్ముడు, బాబాయి, పిన్ని అందరి చేతిలో ఉండాల్సిన కాగితం. మామూలుగా ఇవాళ్టి నుంచి రాసుకుంటూ పోతాం. అలా రాస్తే ప్రతి పనికీ "ఇంకా టైముందిలే" అనిపిస్తుంది. అందుకే ఆ రోజు ఆకు దగ్గర మొదలుపెట్టి వెనక్కి వచ్చాం. ఒక్కో తేదీ దాని తర్వాతి పని వల్ల పడింది కాబట్టి, తేదీ మార్చాలంటే ముందు దాని కింద ఏం కదులుతుందో చూసి మార్చండి.

29 నవంబరు, ఆదివారం

పంక్తికి 120 మంది. తినడానికి 35 నిమిషాలు, ఆకులెత్తి తుడిచి మళ్ళీ వెయ్యడానికి 15. పన్నెండింటికి మొదలుపెడితే 12.00, 12.50, 1.40, 2.30కి నాలుగు పంక్తులు. మొదటి పంక్తి అరగంట ఆలస్యమైతే నాలుగోవాళ్ళు మూడింటికి కూర్చుంటారు. అందులో షుగరున్న పెద్దవాళ్ళుంటారు కాబట్టి వాళ్ళను మొదటి పంక్తికే పంపాలి. ఆ బాధ్యత పిన్నిది.

పన్నెండింటికి వడ్డించాలంటే 11.30కల్లా ఆశీర్వచనం అయిపోవాలి. 10.40కి మాంగల్యధారణ అంటే 9.45కి కలశాభిషేకం. అభిషేకం తర్వాత అమ్మానాన్నలు తడిబట్టలు మార్చుకుని మధుపర్కాలు కట్టుకోవడానికి పట్టే పాతిక నిమిషాలు చాలామంది లెక్కలో మరిచిపోతారు. అమ్మకు చీర కట్టి జడ వెయ్యడానికి ఇద్దరు ఆడవాళ్ళు గదిలో సిద్ధంగా ఉండాలి. ఆయుష్య, మృత్యుంజయ హోమాలకు గంటన్నర, అంటే 8.15. గణపతి పూజ, పుణ్యాహవాచనం 7.30కి. అమ్మానాన్నలు ఏడింటికల్లా పీటల దగ్గర ఉండాలి. నాన్నగారి బీపీ మాత్ర ఏ గంటకు, దేనితో వెయ్యాలో ముందే డాక్టరుగారిని అడిగి రాసిపెట్టుకోవాలి, ఉపవాసం పేరుతో మానెయ్యకూడదు.

1వ వారం (22–28 నవంబరు)

22న వంట మేస్త్రీకి తుది సంఖ్య. ఆ తర్వాత పెంచినా తగ్గించినా ఆయన పాలు, పెరుగు, కూరగాయలు చెప్పేసి ఉంటాడు. 450 మందికి మా లెక్క: బియ్యం 50 కిలోలు (అందులో పులిహోరకు 12), పెరుగు 60 లీటర్లు, బూరెలు 1,000, అరటి ఆకులు 560. ఆకులు ఎక్కువ ఎందుకంటే, మడతలో చిరిగినవి, ఎండినవి ఎప్పుడూ కొన్ని పోతాయి. పూర్ణం తెల్లవారుజామునే చెయ్యమని చెప్పాలి, ముందురోజు చేసి ఉంచితే పులుస్తుంది.

ఆకులు రావులపాలెం నుంచి శనివారం ఉదయం. అరటిపళ్ళు కూడా అక్కడివే, అప్పటికి పచ్చగా ఉంటే తాంబూలంలో ఎవరూ తినలేరు, కాబట్టి దోరవి 25నే గెలలుగా తెచ్చి ఇంట్లో పెట్టాలి. పూలు కడియపులంక నుంచి శనివారం మధ్యాహ్నం దిగాలి. ఆత్రేయపురం పూతరేకులు 220 పెట్టెలు, బెల్లంవి, అవీ శనివారమే. ముందుగా తెచ్చి తేమ తగిలే గదిలో పెడితే మెత్తబడిపోతాయి.

శనివారం మధ్యాహ్నం 2కి మండపం మన చేతికి వస్తుంది. నాలుగింటికి విఘ్నేశ్వర పూజ, కలశస్థాపన, ఉదకశాంతి. ఏడున్నరకు భోజనం.

2వ వారం (15–21 నవంబరు)

ఫోన్ల వారం. 190 కుటుంబాలు, 610 పేర్లు. అన్నయ్య, అక్క, బాబాయి, మేనమామ తలా 45–50 ఇళ్ళు పంచుకుని మాట్లాడతారు. "వస్తున్నారా?" అని అడిగితే అందరూ "తప్పకుండా" అంటారు. "ఎంతమంది? శనివారం రాత్రికే వస్తున్నారా? ఎక్కడ దిగుతున్నారు?" అని అడిగితేనే అసలు సంఖ్య తేలుతుంది. 610లో 450 అనుకున్నాం. 20వ తేదీకి 480 దాటేట్టుంటే అయిదో పంక్తికి వడ్డనవాళ్ళను చెప్పాలి.

తమ్ముడు 21న బయల్దేరి 23కి చేరాలి. నవంబరు 26 అమెరికాలో థాంక్స్ గివింగ్. ఆ వారంలో టికెట్ల ధర మండిపోతుంది, విమానాలు కిక్కిరిసిపోతాయి.

తుఫానుకు సిద్ధపడాల్సిందీ ఇప్పుడే. 2023లో మిచాంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025లో మొంథా అక్టోబరు 28న నరసాపురం దగ్గర దాటింది. మన తేదీ సరిగ్గా ఆ కాలంలోదే. మండపం బయట వంటకు రేకుల షెడ్డు ఉన్నా, గాలికి వాన లోపలికి కొడుతుంది కాబట్టి మూడు వైపులా టార్పాలిన్లు కట్టే మనిషిని మాట్లాడి ఉంచాలి. జనరేటరు ఉందన్న మాటతో సరిపెట్టుకోకుండా డీజిల్ పోయించి అరగంట నడిపించి చూడాలి. ఈ పని బావది.

3వ, 4వ వారాలు (1–14 నవంబరు)

దీపావళి 8న. దానికి ముందు ఏ దర్జీ దగ్గరా చోటుండదు, అందుకే జాకెట్ల గుడ్డలు 9వ తేదీ సోమవారం ఇస్తాం. 16న వేసుకుని చూడటం, 20న చేతికి. అమ్మ, వదిన, అక్క, పిన్ని, ఇద్దరు మేనత్తలు: ఆరు జాకెట్లు. ఫాల్ కుట్టించడం కూడా అప్పుడే. 9వ తేదీ ఖాళీగా ఉంచమని దర్జీకి మాత్రం అక్టోబరులోనే చెప్పాలి.

ఊళ్ళకు వెళ్ళి బొట్టు పెట్టి పిలవడం 14కి ముగియాలి. ఆ మర్నాటి నుంచే ఫోన్లు కదా. కార్డు అందని ఇంటికి ఫోన్ చేసి "వస్తున్నారా" అని అడిగితే వాళ్ళు నొచ్చుకుంటారు, ఆ తప్పు దిద్దుకోవడం కష్టం.

5వ, 6వ, 7వ వారాలు (11–31 అక్టోబరు)

కార్డు సంగతి వివరంగా రాస్తున్నాం, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువగా జారిపోయేది ఇదే. పిలుపులు నవంబరు 14కి అవ్వాలంటే, 190 ఇళ్ళలో చేతికిచ్చి పిలవాల్సినవి 110 ఉన్నాయి. కొవ్వూరు, కాకినాడ, అమలాపురం, తణుకు వైపు శని, ఆదివారాల్లో రోజుకు 15 ఇళ్ళకు మించి తిరగలేం. దీపావళి ఆదివారం తీసేస్తే అక్టోబరు 24 నుంచి మనకు ఆరు రోజులే మిగులుతాయి. ఆరు పదిహేనులు 90. మిగతా ఇరవై రాజమండ్రిలోవి, వదిన మధ్యలో సాయంత్రాలు చూసుకుంటుంది. ఒక్క వారం జారినా ఇక ఖాళీ లేదు.

అంటే విజయదశమి అక్టోబరు 20న దేవుడి దగ్గర పెట్టడానికి కార్డులు ఇంట్లో ఉండాలి. మొదటి కార్డు అన్నవరం సత్యనారాయణస్వామికి. ప్రెస్సుకు అయిదు పనిరోజులు కావాలి, ఆయుధపూజకు మూసేస్తారు. కాబట్టి అక్టోబరు 12 సోమవారం ఇచ్చి 17న తీసుకోవాలి. ఇంకా ముందే అచ్చు వేయించొచ్చు కదా అంటే, సెప్టెంబరు 27 నుంచి అక్టోబరు 10 అమావాస్య వరకు మహాలయ పక్షం. అమ్మ ఆ పద్నాలుగు రోజుల్లో శుభకార్యం కార్డుకు పసుపు పెట్టనివ్వదు, కొత్తబట్టలూ కొననివ్వదు. అది మన ఇంటి పద్ధతి, దానికి తగ్గట్టే తేదీలు వేశాం.

ప్రూఫు ఒక్కరే చదివితే సరిపోదు. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు రాతప్రతితో పోల్చాలి. గోత్రం, తాతగారి పేరు, మనవల వరస, వారం తేదీకి సరిపోయిందా అన్నది ముందు చూడాలి.

మధుపర్కాలు, మనవళ్ళ పట్టుపంచెలు, మనవరాళ్ళ లంగాలు 11 తర్వాత కొనొచ్చు.

8వ, 9వ వారాలు (27 సెప్టెంబరు–10 అక్టోబరు)

మహాలయంలో కొత్త మొదలు ఏదీ ఉండదు. రైలు టికెట్లు మాత్రం ఆగవు. రిజర్వేషను ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తారు. సికింద్రాబాద్ నుంచి నవంబరు 27 రాత్రి రైళ్ళకు సెప్టెంబరు 28 ఉదయం 8 గంటలకు, 29 రాత్రి తిరుగు రైళ్ళకు సెప్టెంబరు 30న. గౌతమి, గోదావరి రెండిటికీ హైదరాబాద్ నుంచి వచ్చే 34 మందికి అక్క బుక్ చేస్తుంది. ఒక టికెట్‌పై ఆరుగురే కాబట్టి కనీసం ఆరు టికెట్లు, అందరి వయసులూ 25కల్లా రాసి పంపండి. పెద్దత్తయ్య, మామయ్యల వయసు సరిగ్గా వేస్తేనే కింది బెర్తు దొరికే అవకాశం.

10వ, 11వ వారాలు (13–26 సెప్టెంబరు)

14 వినాయక చవితి. ఆ వారం ఎవరూ ఫోన్ ఎత్తరు, అందుకని పని అంతా 17 నుంచి 26 వరకు. కార్డు మాటలు 26కల్లా ఖాయం. వంటకాలు మేస్త్రీతో కూర్చుని రాసుకోవాలి. కార్తీకం కదా, ఉల్లి, వెల్లుల్లి లేకుండానే అందరికీ. నవంబరులో మామిడికాయ ఉండదు, దోసకాయ పప్పు, కంద బచ్చలి, గుత్తివంకాయ, ముక్కల పులుసు, పులిహోర, గారెలు, బూరెలు. శనివారం రాత్రికి వేరే జాబితా. తమ్ముడు తన విమానం టికెట్ ఈ రోజుల్లోనే తీసుకోవాలి.

బస గదులు 14 కావాలి. కార్తీకంలో గోదావరి స్నానాలకు వచ్చేవాళ్ళతో రాజమండ్రి హోటళ్ళు నిండుతాయి, 26 దాటితే గదులు ఒక్కచోట దొరకవు. రెండు హోటళ్ళకు చీల్చితే ఉదయం ఆరింటికి రెండు బస్సులు తిప్పాలి.

12వ వారం (6–12 సెప్టెంబరు)

మండపం, పురోహితులు, వంట మేస్త్రీ, నాదస్వరం. ఈ నలుగురికీ ఈ వారంలోనే అడ్వాన్సు ఇచ్చెయ్యాలి. 29 నవంబరు కార్తీక ఆదివారం. వనభోజనాలకు వంటవాళ్ళు, అభిషేకాలకూ వ్రతాలకూ పురోహితులు దొరకని రోజు. మనకు అయిదుగురు ఋత్విక్కులు కావాలి, ఒక్కరితో ఉదకశాంతీ హోమాలూ సాగవు.

మండపంలో అద్దె కన్నా ముందు అడగాల్సింది హోమం గురించి. కొన్ని ఏసీ హాళ్ళలో అగ్ని వెలిగించనివ్వరు. కొన్నిచోట్ల బయట వరండాలో అంటారు, అక్కడ 40 మందికి మించి చూడలేరు. పొగ బయటికి పోయే దారి, నేలపై ఇటుకలు పేర్చే చోటు స్వయంగా నిలబడి చూడండి. భోజనశాల మేడ మీద ఉంటే లిఫ్టు పనిచేస్తుందా, పంక్తికి 120 బల్లలున్నాయా, చేతులు కడిగే కుళాయిలు ఎన్ని, ట్యాంకు నీళ్ళు 450 మందికి వస్తాయా. శనివారం 2 నుంచి ఆదివారం రాత్రి 8 వరకు మనదేనని రసీదు మీద రాయించుకోవాలి. నోటిమాట ఉంటే శనివారం ఉదయం పెళ్ళివాళ్ళు ఖాళీ చెయ్యరు, మన కలశస్థాపన వీధిలో ఆగిపోతుంది.

అమ్మకు కట్టించే చీర ఉప్పాడ జాందానీ. నేతకు వారాలు పడుతుంది, మహాలయంలో ఆర్డరు ఇవ్వం. కాబట్టి 12వ తేదీలోపు ఉప్పాడ వెళ్ళి రంగు, అంచు చెప్పి రావాలి, అక్టోబరు 31కల్లా చీర కావాలి. అమ్మను వెంట తీసుకెళ్ళండి. ఆశ్చర్యపరచాలని మనమే ఎంచి తెస్తే, ఆమెకు నచ్చకపోయినా బయటికి చెప్పదు.

ఖర్చు ఖాతా ఒకటే, వదిన చేతిలో. 12వ వారం అడ్వాన్సులకు లక్షా పదివేలు కావాలి, ముగ్గురు పిల్లలూ 5వ తేదీకి వెయ్యండి.

సెప్టెంబరు 6 ఆదివారం ఉదయం పదింటికి అన్నయ్య, బాబాయి మండపం చూడటానికి వెళ్తున్నారు. టేపు, రసీదు పుస్తకం నకలు, ఈ కాగితం తీసుకెళ్ళండి. హోమం సంగతి మొదట అడగండి.