నర్సింగ్ వృత్తి, చట్టం: పరిధి, నిర్లక్ష్యం, సమ్మతి (లెక్చర్ ప్లాన్)

బి.ఎస్సీ. నర్సింగ్ ఫైనల్ ఇయర్, బెంగళూరు. తెలుగు పిల్లల ట్యుటోరియల్, శనివారం, 90 నిమిషాలు. ఎక్కువ మంది అనంతపురం, చిత్తూరు వైపు వాళ్లు. సెక్షన్ నంబర్లు ఇంగ్లీషు క్లాసులో ఎలాగూ వింటారు. ఇక్కడ వార్డులో జరిగేదే మాట్లాడుకోవాలి.

మొదలు (10 నిమిషాలు)

బోర్డు మీద రాయాల్సింది: రాత్రి రెండు గంటలు. పద్దెనిమిది మంది పేషెంట్లకు ఒక్కటే సిస్టర్. ల్యాబ్ రిపోర్టులో పొటాషియం తక్కువ. డ్యూటీ డాక్టర్ ఫోన్‌లో "ఒక యాంపూల్ కేసీఎల్ ఇచ్చెయ్యమ్మా" అని పెట్టేశారు.

"మీరైతే ఏం చేస్తారు?" ఇద్దరు ముగ్గురితో చెప్పించాలి. తప్పొప్పులు ఇప్పుడు చెప్పకూడదు. నిర్లక్ష్యం భాగంలో మళ్లీ ఇక్కడికే వస్తాం.

1. పరిధి (15 నిమిషాలు)

నర్సు ఏది చేయవచ్చు, ఏది చేయకూడదు అని ఒకే కాగితం మీద రాసిన జాబితా మన దేశంలో దొరకదు. మూడు చోట్ల చూసుకోవాలి: రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, మీరు చదివిన సిలబస్, ఆసుపత్రి లిఖిత ప్రోటోకాల్. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం 1947 నాటిది. దాని స్థానంలోకి రావడానికి 2023లో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేశారు.

రిజిస్ట్రేషన్ రాకముందు మీరు స్టూడెంట్లే. ఇన్‌చార్జ్ సిస్టర్ లేకుండా సొంతంగా ఇంజెక్షన్ ఇవ్వడం "నేర్చుకోవడం" కాదు. ఇక్కడ రిజిస్టర్ అయి ఆంధ్రకో తెలంగాణకో వెళ్లి పనిచేసేవాళ్లు అక్కడి కౌన్సిల్‌లో కూడా నమోదు చేయించుకోవాలి. ప్రతి బ్యాచ్‌లో ఇది ఎవరో ఒకరు మరిచిపోతారు.

ఒక మాట గట్టిగా చెప్పాలి: "డాక్టర్ చెప్పారు కాబట్టి చేశాను" అనేది పూర్తి రక్షణ కాదు. ఆర్డర్ తప్పని మామూలు నర్సుకు తెలిసే అవకాశం ఉంటే, ప్రశ్నించడం కూడా ఆమె పనే.

2. నిర్లక్ష్యం (30 నిమిషాలు, ఇదే అసలు భాగం)

నాలుగూ కలిస్తేనే నిర్లక్ష్యం: బాధ్యత ఉండాలి, అది తప్పాలి, ఆ తప్పు వల్లే జరగాలి, నష్టం జరగాలి. కొలమానం గొప్ప నర్సు కాదు, ఆ స్థాయి చదువూ అనుభవమూ ఉన్న మామూలు నర్సు. వచ్చిన ఫలితం బాగోలేదన్నంత మాత్రాన నిర్లక్ష్యం కాదు. పిల్లలకు ఈ భయం ఎక్కువ, నెమ్మదిగా చెప్పాలి.

ఇక బోర్డు మీది కేసు. మన దగ్గర మామూలుగా దొరికే కేసీఎల్ యాంపూల్ 10 మిల్లీలీటర్లు, అందులో 20 మిల్లీ ఈక్వివలెంట్లు. నేరుగా సిరలోకి పుష్ చేస్తే గుండె ఆగిపోవచ్చు. డ్రిప్‌లో కలిపి నెమ్మదిగానే వెళ్లాలి. ఫోన్‌లో డాక్టర్ అది చెప్పలేదు. ఎంత ద్రవంలో, ఎంత వేగంతో అని అడగకుండా ఇచ్చిన సిస్టర్ మొదటి రెండు అంశాల్లో చిక్కుకున్నట్టే. తిరిగి ఫోన్ చేయడం, ఆర్డర్‌ను చదివి వినిపించడం, రెండో సిస్టర్‌ను సాక్షిగా పెట్టుకోవడం, డాక్టర్ వచ్చాక సంతకం చేయించడం. ఇదంతా కలిపితే ఐదు నిమిషాలు.

నిజమైన కేసు: స్ప్రింగ్ మెడోస్, సుప్రీం కోర్టు, 1998. ఒక పిల్లవాడికి డాక్టర్ రాసిన మందు బదులు నర్సు వేరే మందును సిరలోకి ఇచ్చింది. బాబుకు గుండె ఆగి మెదడు దెబ్బతింది. బాబుకు 12.5 లక్షలు, తల్లిదండ్రులకు 5 లక్షలు పరిహారం. డబ్బు ఆసుపత్రి కట్టాలి, ఎందుకంటే ఉద్యోగి తప్పుకు యజమాని జవాబుదారీ. అలాగని నర్సు బాధ్యత మాయం కాదు. కౌన్సిల్ చర్య వేరు, క్రిమినల్ కేసు వేరు.

క్రిమినల్ సంగతి: 2005 నాటి జేకబ్ మాథ్యూ తీర్పు ప్రకారం వైద్యంలో నేరం కావాలంటే నిర్లక్ష్యం చాలా తీవ్రంగా ఉండాలి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 అమల్లో ఉంది. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే ఐదేళ్ల వరకు జైలు. రిజిస్టర్డ్ డాక్టర్ వైద్యం చేస్తుండగా జరిగితే రెండేళ్ల వరకే. ఆ వెసులుబాటు అక్కడ నిర్వచించిన డాక్టర్‌కే, నర్సు అనే మాట అందులో లేదు. ఇది న్యాయమా అని క్లాసులో గొడవ వస్తుంది. రానివ్వాలి, కానీ పది నిమిషాలకు ఆపాలి.

రోజూ జరిగేవి (గబగబా): సైడ్ రైల్ ఎత్తకపోవడం, హాట్ వాటర్ బ్యాగ్‌తో కాలడం, గాజ్ కౌంట్ తప్పడం, పేరు అడగకుండా బెడ్ నంబర్ చూసి మందు ఇవ్వడం.

3. సమ్మతి (25 నిమిషాలు)

బీపీ చూడ్డానికి చెయ్యి చాపితే అదే సమ్మతి. ఆపరేషన్‌కు అది చాలదు. ఏం చేస్తారు, ప్రమాదం ఏమిటి, వేరే దారి ఉందా, చేయకపోతే ఏమవుతుంది, ఇవి చెప్పాల్సింది ఆపరేషన్ చేసే డాక్టర్. నర్సు సాక్షి సంతకం చేస్తే, "ఈ మనిషే, తన ఇష్టంతో సంతకం పెట్టారు" అని మాత్రమే అర్థం. సంతకం చేయించమని ఫారం చేతిలో పెట్టి పంపడం వార్డుల్లో మామూలైపోయింది. నాకు అది నచ్చదు.

మన ఊళ్ల కేసు: హిందూపురం నుంచి వచ్చిన పెద్దావిడ. ఫారం కన్నడలో, ఇంగ్లీషులో ఉంది. కొడుకు "పెట్టమ్మా" అన్నాడు, ఆవిడ వేలిముద్ర వేసింది. తర్వాత మిమ్మల్ని పక్కకు పిలిచి, "ఏం కోస్తారు తల్లీ?" అని అడిగింది. ఆ ప్రశ్న వచ్చిందంటే సమ్మతి ఇంకా రాలేదనే. ప్రీమెడికేషన్ ఆపి డాక్టర్‌ను పిలవాలి. మీరు తెలుగులోకి మార్చి చెప్పవచ్చు, కానీ వివరించాల్సింది డాక్టరే. ఎవరు ఏ భాషలో చెప్పారో కేస్ షీట్‌లో రాయాలి.

సమీరా కోహ్లీ కేసు, 2008: పరీక్ష కోసం లాపరోస్కోపీకి ఒప్పుకున్న ఆమెకు, మత్తులో ఉండగా తల్లి అనుమతితో గర్భసంచి తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు తల్లి సంతకం చెల్లదని సుప్రీం కోర్టు తేల్చింది. పద్దెనిమిదేళ్లు నిండిన మనిషి సమ్మతి ఆ మనిషిదే. గర్భస్రావానికి కూడా భర్త సంతకం చట్టం అడగదు, కౌంటర్లో అడిగినా సరే.

స్పృహ లేక ప్రాణాపాయంలో ఉంటే ఆగకూడదు. వద్దని వెళ్లిపోతామంటే ప్రమాదం చెప్పి, వాళ్లన్న మాటలే రాసి సంతకం తీసుకోవాలి. సంతకం పెట్టమన్నా పెట్టకపోతే అదీ రాయాలి.

ఇంటికి పని (10 నిమిషాలు)

కేస్ షీట్‌లో వైట్‌నర్ వాడకూడదు. తప్పు రాస్తే ఒక్క గీత, పక్కన సంతకం, సమయం. మరిచిపోయింది తర్వాత రాస్తే "లేట్ ఎంట్రీ" అని రాయాలి.

పిల్లలకు ఇచ్చే నోట్: "రా. 2.10. పొటాషియం తక్కువ. డాక్టర్‌కి చెప్పాను. ఇంజెక్షన్ ఇచ్చాను. పేషెంట్ బాగానే ఉన్నారు."

ఇందులో లేనివన్నీ వెతికి, కోర్టులో చదివినా నిలబడేలా మళ్లీ రాసుకుని సోమవారం తేవాలి. కాపీ కొడితే తెలుస్తుంది, పోయినసారి పదకొండు మంది ఒకే అక్షరదోషం తెచ్చారు.