వీలునామా

2025 నవంబరు 14వ తేదీన, గుంటూరు కొరిటెపాడులో కాపురముంటున్న, కీ.శే. వెంకటేశ్వర్లు గారి భార్య, జిల్లా పరిషత్ హైస్కూలులో లెక్కల టీచరుగా చేసి 2011లో రిటైరైన సుశీల అనే నేను, 72 ఏళ్ల వయసులో, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా స్వదస్తూరీతో రాసిన వీలునామా.

నాకు ముగ్గురు పిల్లలు: పెద్దబ్బాయి శ్రీనివాస్, అమ్మాయి పద్మజ, చిన్నబ్బాయి రవి. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. బతికున్నంతకాలం ఆస్తి మీద సర్వహక్కులూ నావే. అవసరమైతే దీన్ని మార్చుకుంటాను, రద్దు చేసుకుంటాను.

కొరిటెపాడులోని 180 గజాల స్థలం 1988లో నా జీతంతో, పీఎఫ్ లోనుతో కొన్నది. అందులో కట్టిన ఇల్లూ నా స్వార్జితమే, పిత్రార్జితం కాదు. హద్దులు: తూర్పు మునిసిపల్ రోడ్డు, దక్షిణం ఖాళీ స్థలం, పడమర పక్కింటి ప్రహరీ, ఉత్తరం సందు.

నా తదనంతరం కింది పోర్షను పద్మజకు, మేడ మీది పోర్షను రవికి, స్థలంలో చెరి సగం అవిభక్త వాటాతో సర్వహక్కులతో చెందాలి. మెట్లు, బోరు, డాబా ఇద్దరివీ. బోరు మోటారు రిపేరు, కరెంటు బిల్లు చెరి సగం. వాళ్ల నాన్న పాతిన సపోటా చెట్టు కింది పోర్షను పెరట్లో ఉన్నా, కాయలు ముగ్గురూ పంచుకోవాలి. చెట్టు కొట్టించకూడదని నా కోరిక.

శ్రీనివాస్‌కు ఇంట్లో వాటా పెట్టలేదు. 2011లో హైదరాబాదులో ఫ్లాటు కొనేటప్పుడు నా రిటైర్మెంటు డబ్బులోంచి 9 లక్షలు ఇచ్చాను. తర్వాత నాకు మోకాలి ఆపరేషనైతే మూడు నెలలు రాత్రిళ్లు నా మంచం పక్కన చాప వేసుకుని పడుకున్నది పద్మజ. ఈ రెండూ ముగ్గురికీ తెలుసు. పెద్దవాడి మీద ప్రేమ తక్కువై ఇలా రాయలేదు.

బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్లు, పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలోని సొమ్ము కలిపి ఇప్పుడు సుమారు 24 లక్షలు. ఆస్పత్రి బాకీలు, నా కర్మల ఖర్చు పోగా, ఆ రోజుకు మిగిలినదాన్ని వడ్డీతో సహా నాలుగు భాగాలు చేసి, రెండు శ్రీనివాస్‌కు, ఒకటి పద్మజకు, ఒకటి రవికి ఇవ్వాలి. అన్నిటికీ నామినీ రవే. నామినీ అంటే డబ్బు తీసి అప్పజెప్పేవాడు మాత్రమే. సొమ్మంతా తనదే అనుకోకూడదు. నా రెండు జతల గాజులు కోడళ్లిద్దరికీ చెరో జత, నల్లపూసలు పద్మజకు.

ఇందులో రాయని సామానుంటే ముగ్గురికీ సమానం. దీన్ని అమలు చేసే బాధ్యత మా తమ్ముడు సత్యనారాయణది.

సుశీల (సంతకం)

ఆమె మా ఎదుట చదువుకుని సంతకం చేయగా, ఆమె ఎదుటే మేము సాక్షి సంతకాలు చేశాం. ఇందులో మాకు ఏ వాటా లేదు.

సాక్షులు:
1. లక్ష్మీకాంతం, రిటైర్డ్ టీచరు, కొరిటెపాడు (సంతకం)
2. నాగేశ్వరరావు, కిరాణా వ్యాపారం, కొరిటెపాడు (సంతకం)